జనరల్ డాక్టరా, స్పెషలిస్టా: నల్లగొండ, పాలమూరు వైద్యుల వృత్తి ఎంపిక

ఎంబీబీఎస్ ముగించిన డాక్టరు అన్ని రకాల రోగులనూ చూసే జనరల్ డాక్టరుగా నిలబడవచ్చు, లేదా ఒక అవయవాన్నో ఒక వయసునో ఒక విద్యనో పట్టుకొని స్పెషలిస్టు కావచ్చు. ఈ ఎంపిక ప్రతి వృత్తిలోనూ ఉన్నదే అయినా, వైద్యంలో దాని గీతలు చాలా స్పష్టంగా కనిపిస్తాయి. ఎన్నేళ్లు చదవాలి, ఏ ఆసుపత్రిలో పనిచేయవచ్చు, ఏ పని చేయకూడదు అన్నవి ఇక్కడ నిబంధనల రూపంలో రాసి ఉంటాయి. అందుకే ఒక దారిలో కొంతదూరం నడిచాక మరో దారికి మళ్లితే ఏం పోతుందో లెక్కగట్టడం కూడా సులువు.

ఈ వ్యాసం దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతానికి, అంటే పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు సంబంధించింది. 2016 అక్టోబర్ 11న జరిగిన విభజనలో నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు, మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019లో నారాయణపేట కూడా విడివడింది. భూగర్భ జలంలో ఫ్లోరైడు, బతుకుదెరువుకు వలస, వంద కిలోమీటర్ల దూరంలో హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రులు: ఈ మూడూ ఇక్కడి డాక్టర్ల వృత్తి నిర్ణయాలను లోతుగా ప్రభావితం చేశాయి.

దారులు చీలే చోటు

ఎంబీబీఎస్ చదువు నాలుగున్నరేళ్లు, ఆపైన హౌస్‌సర్జన్సీ ఒక ఏడాది. పద్దెనిమిదేళ్లకు సీటు దొరికితే ఇరవై మూడున్నరకు పూర్తవుతుంది. ఆ తరువాత ఎండీ లేదా ఎంఎస్ మూడేళ్లు, గుండె, మెదడు, కిడ్నీ వంటి వాటిలో డీఎం, ఎంసీహెచ్ మరో మూడేళ్లు. పీజీ సీటుకు నీట్-పీజీ ర్యాంకు కావాలి. ఈ పరీక్షకు గరిష్ఠ వయోపరిమితి లేదు, అంటే తలుపు ఎప్పటికీ పూర్తిగా మూసుకోదు. కానీ తలుపు తెరిచి ఉండటం వేరు, వయసు మీదపడ్డాక అందులోంచి నడిచి వెళ్లడం వేరు.

స్వాతంత్ర్యానికి ముందు దేశంలో రెండు రకాల అల్లోపతి డాక్టర్లు ఉండేవారు. డిగ్రీ చదివినవారు ఒకరు, తక్కువ కాలం శిక్షణతో లైసెన్సు పొందిన ఎల్ఎంపీలు మరొకరు. పల్లెలకు ఎక్కువగా వెళ్లింది ఎల్ఎంపీలే. 1946లో భోర్ కమిటీ ఆ చదువును ఆపేసి దేశమంతటికీ ఒకే స్థాయి 'మౌలిక డాక్టర్' ఉండాలని సిఫారసు చేసింది. ఊళ్లో మనుషుల మధ్య ఉండి, జబ్బుతోపాటు జబ్బు కారణాన్నీ చూసే డాక్టరును ఆ కమిటీ ఊహించింది. ఆచరణలో ఎంబీబీఎస్ చాలామందికి పీజీకి ఎక్కే మెట్టుగా మారింది. పల్లెలో మిగిలిన ఖాళీని ఆర్ఎంపీలు నింపారు. ఈనాటికీ నల్లగొండ, పాలమూరు పల్లెల్లో జ్వరం వస్తే మొదట వెళ్లేది చాలాసార్లు ఆర్ఎంపీ దగ్గరికే.

ఈ ప్రాంతంలో వైద్యవిద్య ఆలస్యంగా మొదలైంది. నార్కట్‌పల్లిలో కామినేని, మహబూబ్‌నగర్‌లో ఎస్వీఎస్ ప్రైవేటు కళాశాలలు 1999లో వచ్చాయి. ప్రభుత్వ కళాశాలలు మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రారంభమయ్యాయి. ఆ ఏడాదే బీబీనగర్ ఎయిమ్స్‌లో 50 మందితో మొదటి ఎంబీబీఎస్ బ్యాచ్ చేరింది. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్ కూడా ప్రభుత్వ కళాశాలల జాబితాలో చేరాయి. దీంతో స్పెషలిస్టుకు సొంత జిల్లాలోనే ఒక కొత్త రకం ఉద్యోగం దొరికింది. అది కళాశాలలో అధ్యాపకుడి పోస్టు. దానికి పీజీ తప్పనిసరి, అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే పీజీ తర్వాత ఏడాది సీనియర్ రెసిడెన్సీ కూడా కావాలి. పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరుకు ఎంబీబీఎస్ చాలు.

ఒకే జబ్బు, రెండు చూపులు: ఫ్లోరోసిస్

జనరల్ డాక్టరు చేసే పనికీ స్పెషలిస్టు చేసే పనికీ తేడా ఎక్కడుందో చూపడానికి నల్లగొండ ఫ్లోరోసిస్‌ను మించిన ఉదాహరణ ఈ ప్రాంతంలో లేదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు పరిమితిని దాటి ఉండేది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే హద్దు. భారత ప్రమాణం ఒక మిల్లీగ్రాము ఉంటే మంచిదని చెబుతూ, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటుంది.

పీహెచ్‌సీ ఓపీలో నలభై ఏళ్ల మనిషి నడుము పట్టేసిందని కూర్చుంటాడు. వెన్నెముక నొప్పికి కారణాలు అనేకం: బరువులు మోయడం, డిస్కు జారడం, వెన్నెముకకు క్షయ, యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. మందుల చీటీ రాసి పంపేముందు డాక్టరు అతని చేత మూడు పనులు చేయించవచ్చు. మోకాళ్లు వంచకుండా వంగి కాలివేళ్లను తాకమనడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించమనడం, రెండు చేతులనూ తల వెనక్కి చేర్చమనడం. ఫ్లోరోసిస్‌లో లిగమెంట్లు గట్టిపడి మెడ, నడుము, భుజాలు బిగుసుకుపోతాయి కాబట్టి ఈ మూడింటిలో ఏదో ఒకటి కష్టమవుతుంది. ఈ పరీక్షలకు యంత్రం అక్కర్లేదు, రెండు నిమిషాలు చాలు.

తర్వాత డాక్టరు పళ్లు చూస్తాడు. శాశ్వత దంతాల ఎనామెల్ దాదాపు ఎనిమిదేళ్ల వయసు లోపే తయారవుతుంది. పళ్ల మీద తెల్లని సున్నపు మచ్చలో గోధుమ చారలో ఉంటే, ఆ మనిషి చిన్నప్పుడే ఫ్లోరైడు నీళ్లు తాగాడని అర్థం. పళ్లు శుభ్రంగా ఉండి నడుము మాత్రం బిగుసుకుపోయి ఉంటే పెద్దయ్యాక మకాం మారిందా అన్న ప్రశ్న వస్తుంది. పెళ్లయి ఈ ఊరికొచ్చిన కోడలి విషయంలో ఇది తరచూ ఎదురయ్యే తేడా. అప్పుడు డాక్టరు అడగాల్సిన ప్రశ్న మందులది కాదు: "పుట్టింట్ల ఏ నీళ్లు తాగినవమ్మా, ఇక్కడికొచ్చినంక ఏ బోరు నీళ్లు తాగుతున్నవ్?" ఇంట్లో అత్తకూ, ఎదురింటివాళ్లకూ ఇవే లక్షణాలు ఉన్నాయని తేలితే అది ఒక మనిషి జబ్బు కాదు, బోరు జబ్బు. ఈ గొలుసు పట్టుకోవాలంటే ఒకే డాక్టరు ఆ వాడవాళ్లను ఏళ్ల తరబడి చూసి ఉండాలి.

అదే మనిషి కొన్నాళ్లకు కాళ్లలో తిమ్మిరితో, నడకలో తూలుతూ వస్తే కథ మారుతుంది. వెన్నెముకలో పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కుతోందని అనుమానించాలి. ఇప్పుడు కావాల్సింది ఎమ్మారై, న్యూరోసర్జను లేదా వెన్నెముక ఆపరేషన్లలో చెయ్యి తిరిగిన ఆర్థోపెడిక్ సర్జను. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపిస్తే అది ఫ్లోరోసిస్ అని రేడియాలజిస్టు నిర్ధారించగలడు. నొక్కుకున్న వెన్నుపామును సర్జను విడిపించగలడు. కానీ ఆ ఊరి మిగతా నడుములను కాపాడే పని వాళ్ల చేతిలో లేదు.

ఈ జబ్బు చరిత్ర కూడా ఇదే చెబుతుంది. నల్లగొండ ఫ్లోరోసిస్ గురించి ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోయే వైకల్యం గురించి లాన్సెట్‌లో రాశారు. నీటిలోని ఫ్లోరైడును పటిక, సున్నంతో తగ్గించే పద్ధతిని నాగపూర్ నీరీ శాస్త్రజ్ఞులు రూపొందించి 'నల్లగొండ టెక్నిక్' అని పేరుపెట్టారు. చివరికి పెద్ద ఉపశమనం మిషన్ భగీరథ కింద వచ్చిన నది నీళ్లతో దొరికింది. ఇది ఆపరేషన్ థియేటరులో దొరికిన పరిష్కారం కాదు.

స్పెషలిస్టు ఒంటరిగా పనిచేయలేడు

ఫ్లోరోసిస్ జనరల్ డాక్టరు బలాన్ని చూపితే, కాన్పు స్పెషలిస్టు బలాన్నీ బలహీనతనూ ఒకేసారి చూపుతుంది.

ప్రభుత్వ లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో 30 వేల మందికి ఒక పీహెచ్‌సీ, లక్షా 20 వేల మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. 30 పడకల ఈ కేంద్రంలో ఫిజీషియన్, సర్జన్, గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు ఉండాలన్నది నియమం. కాగితం మీద ఇది చక్కని ఏర్పాటు. ఆచరణలో ఒక పోస్టు నిండి రెండు ఖాళీగా ఉంటే ఏమవుతుందో గైనకాలజిస్టును చూస్తే అర్థమవుతుంది.

సిజేరియన్‌కు గైనకాలజిస్టు చెయ్యి ఒక్కటే చాలదు. వెన్నులో మత్తు ఇచ్చే అనెస్థటిస్టు, పుట్టిన బిడ్డ ఏడవకపోతే చూసుకునే పిల్లల డాక్టరు, థియేటర్ నర్సు, అవసరపడితే ఎక్కించడానికి రక్తం ఉండాలి. బిడ్డకు ప్రమాదమని తేలాక అరగంటలో బయటికి తీయాలన్నది అంతర్జాతీయంగా పాటించే లక్ష్యం. అనెస్థటిస్టు వారంలో మూడు రోజులే వస్తే, మిగతా నాలుగు రోజులు గైనకాలజిస్టు చేయగలిగేది సాధారణ కాన్పులు, రెఫరల్ చీటీలు. రెండేళ్లు ఇలా గడిస్తే ఆపరేషన్ల సంఖ్య పడిపోతుంది, చెయ్యి మందగిస్తుంది, ఆ డాక్టరు జిల్లా ఆసుపత్రికో ప్రైవేటుకో వెళ్లిపోతుంది. ఆమె జీతం కోసమే వెళ్లిందని జనం అనుకుంటారు. నిజానికి చాలాసార్లు కారణం నేర్చిన విద్య కరిగిపోతుందన్న భయం.

ఈ సంగతి తెలిసే కేంద్ర ఆరోగ్య శాఖ ఎంబీబీఎస్ డాక్టర్లకు రెండు చిన్న శిక్షణలు ప్రవేశపెట్టింది. అత్యవసర కాన్పు చికిత్సకు 16 వారాలు, ప్రాణరక్షక అనెస్థీషియాకు 18 వారాలు అని మొదట్లో పాఠ్యక్రమం రూపొందించారు. అంటే జనరల్ డాక్టరు తన విస్తృతిని వదులుకోకుండా, ఊరికి అత్యవసరమైన ఒక్క నైపుణ్యం నేర్చుకుంటాడు. శిక్షణ పొందినవారిని మళ్లీ థియేటరు లేని పీహెచ్‌సీకి పంపితే ఆ వారాలు వృథా. ఈ శిక్షణకు పేరు ఇచ్చే ముందు తిరిగి ఏ కేంద్రంలో వేస్తారన్నది రాతపూర్వకంగా తెలుసుకోవడం అందుకే అవసరం.

స్పెషలిస్టు పల్లెలో నిలబడటం అసాధ్యం కాదు. కంటి వైద్యం దానికి మంచి రుజువు. గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి, కింద ప్రాథమిక దృష్టి కేంద్రాలు, వాటి మీద ద్వితీయ స్థాయి ఆసుపత్రులు, పైన పెద్ద కేంద్రం అన్న పద్ధతిలో పిరమిడ్‌లా విస్తరించింది. నాగర్‌కర్నూల్ దగ్గర తూడుకుర్తిలోనూ దాని ద్వితీయ స్థాయి ఆసుపత్రి ఉంది. ఇక్కడ అద్దాల నంబరు చూడటం, ప్రాథమిక పరీక్షలు టెక్నీషియన్లు చేస్తారు, కాబట్టి సర్జను సమయం శుక్లాల ఆపరేషన్లకు మిగులుతుంది. కార్నియా మార్పిడి వంటి కష్టమైన కేసు హైదరాబాద్ వెళుతుంది. పల్లెలో కూర్చున్నా ఆ సర్జను చెయ్యి ఆడుతూనే ఉంటుంది.

జనరల్ దారికి అనుకూలమైన సూచనలు

అమెరికాలో ప్రాథమిక వైద్యంపై జీవితమంతా పరిశోధించిన బార్బరా స్టార్‌ఫీల్డ్ ఆ వైద్యానికి నాలుగు లక్షణాలు చెప్పింది: జబ్బు వస్తే మొదట చేరే చోటు, ఏళ్ల తరబడి కొనసాగే సంబంధం, అన్ని రకాల సమస్యలకూ స్పందన, ఇతర డాక్టర్ల చికిత్సను ఒకచోట కలపడం. ఈ నాలుగింటిలో తనకు సంతృప్తినిచ్చేవి ఏవో చూసుకోవడం డాక్టరుకు మొదటి పరీక్ష. హౌస్‌సర్జన్సీలో ఓపీ రద్దీలో అలసిపోకుండా, వార్డులో ఒకే రోగిని రోజూ చూడాలనిపించి, ఇంటికి పంపాక అతను ఏమయ్యాడో తెలుసుకోవాలని తపించే డాక్టరుకు జనరల్ దారి నప్పుతుంది. అనిశ్చితిని భరించగలగడం కూడా ఒక సూచన. జనరల్ ఓపీలో చాలా జబ్బులకు మొదటి రోజున పేరు పెట్టడం కుదరదు. మూడు రోజుల తర్వాత రమ్మని చెప్పి, వచ్చినప్పుడు మారిందేమిటో గమనించడం ఆ విద్యలో పెద్ద భాగం.

రెండో సూచన చుట్టూ ఉన్న జబ్బుల తీరు. పాలమూరు నుంచి ముంబై, పుణె వైపు మట్టిపనులకు, కట్టడాల పనులకు వెళ్లే కుటుంబాల్లో క్షయ రోగి ఆరు నెలల మందుల కోర్సు మధ్యలో ఊరు మారతాడు. అతను ఎప్పుడు వెళతాడో, వానాకాలం పనులకు ఎప్పుడు తిరిగొస్తాడో, ఇంట్లో అవ్వకు దగ్గు ఉందో లేదో తెలిసిన పీహెచ్‌సీ డాక్టరే అతను వెళ్లే ఊరి కేంద్రానికి 'నిక్షయ్' ద్వారా కేసును బదిలీ చేయగలడు. రక్తపోటు, షుగరు, గర్భిణుల రక్తహీనత కూడా ఇలాంటివే. ఈ జబ్బుల్లో అరుదైన విద్య కంటే విడవకుండా చూసుకోవడం ఎక్కువ ఫలితమిస్తుంది.

మూడోది స్థానబలం. సొంత మండలంలో ఇల్లు, పొలం, వృద్ధులైన తల్లిదండ్రులు ఉండి అక్కడే ఉండాలనుకునే డాక్టరుకు సూపర్ స్పెషాలిటీ దాదాపు ఎప్పటికీ ఆ మండలంలో పని చూపదు. క్యాథ్ ల్యాబ్ ఉన్న పట్నానికే కార్డియాలజిస్టు వెళ్లాలి.

స్పెషలిస్టు దారికి అనుకూలమైన సూచనలు

చేతిపని మీద ఇష్టం మొదటి సూచన. థియేటరులో సహాయకుడిగా నిలబడ్డ హౌస్‌సర్జన్ నాలుగు గంటలు గడిచినా గడియారం వైపు చూడకపోతే, ఇంటికెళ్లాక ఆపరేషన్ దశలను కాగితం మీద గీసుకుంటే, అది మార్కులకంటే నమ్మదగిన సంకేతం. ఒకే పనిని వందలసార్లు చేసినా విసుగు రాకపోవడం కూడా చూడాలి. ఎందుకంటే స్పెషలిస్టు జీవితంలో కొత్తదనం కంటే పునరావృతం ఎక్కువ, నైపుణ్యం పెరిగేది ఆ పునరావృతంలోనే.

బయటి సూచన రోగుల సంఖ్య. ఏ జిల్లాలో పనిచేయాలనుకుంటున్నారో ఆ జిల్లా పెద్దాసుపత్రిలో నెలకు ఆ స్పెషాలిటీ కేసులు ఎన్ని, వాటిలో ఎన్నింటిని హైదరాబాద్‌కు పంపుతున్నారు, ఎందుకు పంపుతున్నారన్న మూడు ప్రశ్నలు అడగాలి. డాక్టరు లేక పంపుతుంటే అక్కడ ఆ స్పెషలిస్టుకు చోటుంది. పరికరమో రక్తమో ఐసీయూ పడకో లేక పంపుతుంటే, కొత్త డాక్టరు వెళ్లినా పంపడం ఆగదు. 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్ పథకంతో కాన్పుల కోసం ప్రభుత్వ ఆసుపత్రులకు వచ్చే గర్భిణులు పెరిగారు. ఇలాంటి మార్పు గైనకాలజీ, పిల్లల వైద్యం, అనెస్థీషియాలకు స్థానికంగా గిరాకీ పెంచుతుంది.

డబ్బు సంగతి దాచిపెట్టాల్సింది కాదు. 2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు ఎంపిక చేసిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి, మిగతావి అనంతపురం, శ్రీకాకుళం. పేదవాడి గుండె ఆపరేషన్‌కూ క్యాన్సర్ చికిత్సకూ ప్రభుత్వం డబ్బు కట్టడం అప్పటిదాకా ఊహించని మేలు. అయితే ఆ పథకం కట్టింది ముఖ్యంగా ఆసుపత్రిలో చేర్చి చేసే పెద్ద చికిత్సలకే. ఊళ్లో ఒక డాక్టరు ముప్పై మందికి రక్తపోటు అదుపులో ఉంచి పక్షవాతం రాకుండా ఆపితే దానికి ప్యాకేజీ లేదు. దీంతో స్పెషలిస్టు ఆదాయానికీ జనరల్ డాక్టరు ఆదాయానికీ మధ్య దూరం ఇంకా పెరిగింది. పీజీ సీటు కోసం తిప్పలు పడే యువ డాక్టరుకు ఈ లెక్క తెలుసు.

ఆలస్యంగా మారితే అయ్యే ఖర్చు

జనరల్ నుంచి స్పెషలిస్టుగా మారడానికి ఖర్చు ప్రధానంగా ఏళ్లలో ఉంటుంది. ఇద్దరు డాక్టర్లను ఊహించుకుంటే లెక్క తేలుతుంది. మొదటి డాక్టరు ఎంబీబీఎస్ తర్వాత ఒక ఏడాది ప్రిపేరై ఇరవై నాలుగున్నరకు పీజీలో చేరి, ఇరవై ఏడున్నరకు స్పెషలిస్టు అవుతుంది. తెలంగాణలో ప్రభుత్వోద్యోగ విరమణ వయసు 61 అనుకుంటే, ఆమెకు స్పెషలిస్టుగా 33 ఏళ్ల పైన మిగులుతుంది. రెండో డాక్టరు ఎనిమిదేళ్లు పీహెచ్‌సీలో పనిచేసి, ముప్పై రెండేళ్లకు పుస్తకాలు మళ్లీ తెరిచి, ముప్పై మూడుకు సీటు తెచ్చుకుని, ముప్పై ఆరుకు బయటికొస్తాడు. ఆయనకు మిగిలేది 25 ఏళ్లు. స్పెషలిస్టు జీవితంలో దాదాపు పావు వంతు పోయినట్టు. అధ్యాపకుడు కావాలంటే సీనియర్ రెసిడెన్సీ మరో ఏడాది కలుస్తుంది.

ఆ ఎనిమిదేళ్లు వట్టిగా పోయినవి కావు. ఎండీ జనరల్ మెడిసిన్, పిల్లల వైద్యం, కమ్యూనిటీ మెడిసిన్‌లలో పీహెచ్‌సీ అనుభవం నేరుగా ఉపయోగపడుతుంది. రేడియాలజీ, పాథాలజీల్లో అంతగా కాదు. సర్జరీలో ఇబ్బంది వేరు: ముప్పై మూడేళ్ల రెసిడెంటు ఇరవై ఐదేళ్ల సహాధ్యాయులతో కలిసి ముప్పై ఆరు గంటల డ్యూటీ చేయాలి, ఇంట్లో బడికెళ్లే పిల్లలు ఉంటారు. ఆలస్యంగా మారేవారు చాలామంది పాత పనికి దగ్గరగా ఉండే స్పెషాలిటీ ఎంచుకోవడం ఈ కారణంగానే.

నిబంధనల అనిశ్చితి మరో ఖర్చు. ప్రభుత్వ సేవలో ఉన్న డాక్టర్లకు పీజీలో విడిగా సీట్లు ఇవ్వవచ్చా లేదా అన్నది ఏళ్లపాటు కోర్టుల్లో నలిగింది. 2016లో సుప్రీంకోర్టు మారుమూల సేవకు మార్కుల ప్రోత్సాహకాన్ని సమర్థించింది, ఏడాదికి 10 శాతం చొప్పున గరిష్ఠంగా 30 శాతం. పీజీ డిగ్రీ సీట్లలో సర్వీసు కోటా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు ఉందని రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది 2020 ఆగస్టు 31న మాత్రమే. ఆ మధ్యకాలంలో కోటాను నమ్ముకుని ఊళ్లో సేవ చేస్తూ ఎదురుచూసినవారు లెక్కలు మళ్లీ వేసుకోవాల్సి వచ్చింది. కోటా శాతం, సర్వీసు అర్హత, చదువయ్యాక చేయాల్సిన సేవ, సీటు వదిలితే కట్టాల్సిన సొమ్ము ఏటేటా ఉత్తర్వుల్లో మారుతుంటాయి. ఆ ఏడాది ఉత్తర్వు చదవకుండా పాత బ్యాచ్ వాళ్ల మాట మీద నిర్ణయం తీసుకోవడం ప్రమాదం.

స్పెషలిస్టు నుంచి జనరల్‌గా మారడానికి చట్టం అడ్డుపడదు. ఎంబీబీఎస్ రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించుకుంటూ ఉంటే చాలు, రేపే బోర్డు పెట్టుకోవచ్చు. అందుకే ఈ దారి సులువని చాలామంది అనుకుంటారు. అసలు ఖర్చు కంటికి కనిపించదు. 2005 ప్రాంతంలో హౌస్‌సర్జన్సీ చేసి, ఆపై ఇరవై ఏళ్లు అనెస్థీషియాలోనే ఉన్న డాక్టరును తీసుకుంటే, ఆయన పిల్లల వార్డు వదిలేనాటికి ప్రభుత్వ టీకాల పట్టికలో పెంటావాలెంట్ లేదు, రోటావైరస్ టీకా లేదు. క్షయకు అప్పట్లో వారానికి మూడుసార్లు వేసే మందులు ఇప్పుడు రోజూ వేయాల్సినవిగా మారాయి. ఆయన ఆపదలో ఉన్న రోగి ఊపిరి నిలబెట్టడంలో ఎవరికీ తీసిపోడు. కానీ ఏడాది పిల్లవాడికి జ్వరం ఎప్పుడు మామూలో, ఎప్పుడు ప్రమాదమో చూపుతో పట్టే అలవాటు పోయి ఉంటుంది. అది తిరిగి రావాలంటే కనీసం కొన్ని నెలలు అనుభవమున్న జనరల్ డాక్టరు పక్కన ఓపీలో కూర్చోవాలి. ఇందుకు ప్రత్యేకమైన కోర్సు ఏదీ లేదు, ఆ ఏర్పాటు ఎవరికివారే చేసుకోవాలి.

స్పెషాలిటీ నుంచి స్పెషాలిటీకి మారడం అన్నిటికంటే ఖరీదు. దానికి దక్షిణాదిలో ప్రసిద్ధమైన ఉదాహరణ మధురై అరవింద్ కంటి ఆసుపత్రి స్థాపకుడు డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి. 1944లో మద్రాసు స్టాన్లీ కళాశాల నుంచి పట్టా పొంది, ప్రసూతి వైద్యుడు కావాలనుకున్న ఆయనకు ముప్పై ఏళ్ల వయసులో తీవ్రమైన కీళ్లవాతం వచ్చి వేళ్లు వంకర తిరిగాయి. ప్రసూతి వైద్యం ఇక చేయలేనని తేలాక నేత్రవైద్యంలోకి మళ్లాడు. వంగిన వేళ్లతోనే కత్తి పట్టడం మళ్లీ నేర్చుకుని, జీవితంలో లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశాడు. ప్రభుత్వోద్యోగం నుంచి విరమణ పొందాక 1976లో 11 పడకలతో అరవింద్‌ను ప్రారంభించాడు. ఆయన మార్పు సాధ్యపడటానికి రెండు కారణాలు కనిపిస్తాయి. ఆ నిర్ణయం ముప్పైల్లోనే జరిగింది, కొత్త విద్యను ఏళ్ల తరబడి ఎంతోమంది రోగుల మీద సాధన చేసే ప్రభుత్వ ఆసుపత్రి ఆయనకు అందుబాటులో ఉంది.

నడుమ ఉన్న దారులు

రెండు దారుల మధ్య ఇంకొన్ని తోవలున్నాయి. జాతీయ పరీక్షల మండలి నడిపే డీఎన్‌బీ ఫ్యామిలీ మెడిసిన్ మూడేళ్ల కోర్సు. ఇందులో మెడిసిన్, సర్జరీ, కాన్పులు, పిల్లలు, అత్యవసర విభాగం అన్నీ తిరగాలి. ఇది విస్తృతినే పీజీ స్థాయికి తీసుకెళ్లే చదువు. అదే మండలి ఎంబీబీఎస్ తర్వాత రెండేళ్ల డిప్లొమాలు కూడా ఇస్తుంది. వాటిలో ఫ్యామిలీ మెడిసిన్, అనెస్థీషియా, గైనకాలజీ, పిల్లల వైద్యం, నేత్రవైద్యం ఉన్నాయి. ఇవి జిల్లా స్థాయి ఆసుపత్రుల్లోనే చదివేలా రూపొందించినవి కాబట్టి, సొంత ప్రాంతం వదలకుండా ఒక నైపుణ్యం పెంచుకోవాలనుకునేవారికి అనువైనవి. చేరేముందు చూసుకోవాల్సింది ఒకటుంది: ఆ అర్హతతో బోధనా పోస్టులకు పరిగణిస్తారా, రాష్ట్ర నియామకాల్లో స్పెషలిస్టు పోస్టుకు సరిపోతుందా అన్నది కోర్సును బట్టి మారుతుంది.

ఏ దారి ఎంచుకున్నా తొలి రెండు మూడేళ్లలో ఒక లెక్క రాసుకుంటే తర్వాతి నిర్ణయం తేలికవుతుంది. నెలకు ఎన్ని రకాల జబ్బులు చూశారు, ఎన్నింటిని తామే ముగించారు, ఎన్నింటిని రెఫర్ చేశారు, రెఫర్ చేసినవాటిలో ఎన్ని తిరిగొచ్చి ఫలితం చెప్పాయి. రెఫర్ చేసినవాటిలో సగానికి పైగా ఒకే కోవకు చెందినవైతే, ఆ కోవలోని రెండేళ్ల డిప్లొమా లేదా పైన చెప్పినలాంటి చిన్న శిక్షణ ఊరికీ డాక్టరుకీ నేరుగా పనికొస్తుంది. రెఫరల్ చీటీలు పది రకాల జబ్బులకు చెదిరిపోయి ఉంటే, ఒక స్పెషాలిటీ పట్టుకున్నా ఆ కేంద్రంలో మారేది కొంతే. అక్కడ ఫ్యామిలీ మెడిసిన్ చదివిన జనరల్ డాక్టరే ఎక్కువ మందిని ఊళ్లోనే నయం చేసి పంపగలడు.